ఎమర్జెన్సీ ట్రే: సంతకం వెనక లెక్క

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇంజెక్షన్ గదికి వెళ్తే ఒక మూల ఎమర్జెన్సీ ట్రే, దాని పక్కన ఒక రిజిస్టరు కనిపిస్తాయి. రిజిస్టరులో మందుల పేర్లు నిలువుగా, తేదీలు అడ్డంగా ఉంటాయి. అట్రోపిన్ అన్న పేరుకి ఎదురుగా నెల పొడుగునా టిక్కులే ఉంటాయి, కింద రోజుకో సంతకం ఉంటుంది. ట్రే తీసి చూస్తే ఐదు ఆంపూల్స్ ఉన్నాయనుకుందాం. రిజిస్టరు అబద్ధం చెప్పలేదు, మందు నిజంగానే ఉంది. అయితే పత్తి చేలో కొట్టే పురుగుల మందు తాగిన మనిషిని ఆటోలో వేసుకొచ్చిన రోజున ఆ ఐదూ ఎంతసేపు వస్తాయి?

లెక్క వేద్దాం. మన దగ్గర పొలాల్లో వాడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటివి ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు. అవి ఒంట్లోకి వెళ్తే కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, నోట్లోంచి చొంగ కారుతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి, ఊపిరితిత్తుల్లో నీరు ఊరి ఛాతీ గురగురలాడుతుంది. ఆ నీటిని ఆరబెట్టే మందు అట్రోపిన్. మనకు మామూలుగా దొరికే ఆంపూల్ ఒక మిల్లీలీటరు, అందులో మందు 0.6 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు మొదటి డోసు 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు. తక్కువ లెక్కే తీసుకున్నా మూడు ఆంపూల్స్. ఐదు నిమిషాలకు ఛాతీ ఇంకా గురగురలాడుతుంటే డోసు రెట్టింపు చేస్తారు. అంటే ఆరు. మరో ఐదు నిమిషాలకు మళ్లీ రెట్టింపు, పన్నెండు. పది నిమిషాలు గడిచేసరికి ఇరవై ఒక్క ఆంపూల్స్ ఖర్చయ్యాయి. ఇంకొక్కసారి రెట్టింపు చేయాల్సి వస్తే ఆ ఒక్క డోసుకే ఇరవై నాలుగు, అన్నీ కలిపితే నలభై ఐదు.

అందరికీ ఇంత పట్టదు. కొందరికి మొదటి డోసుతోనే ఛాతీ తేటపడి, నాడి 80 దాటుతుంది. ఎక్కడ ఆపాలో డాక్టరు ఛాతీ విని తేల్చుకుంటారు. కానీ ట్రేలో ఎన్ని ఉంచాలన్నది తేలిగ్గా బయటపడే రోగిని బట్టి నిర్ణయించేది కాదు. పత్తి, మిరప పండే మండలంలో ఉన్న పీహెచ్‌సీకి యాభై ఆంపూల్స్ ఎక్కువేమీ కాదని నా అభిప్రాయం. వాటి పక్కనే పది మిల్లీలీటర్ల సిరంజిలు కూడా ఉండాలి. పన్నెండు గాజు ఆంపూల్స్‌ను ఒక్కొక్కటే మెడ విరిచి రెండు మిల్లీలీటర్ల సిరంజిలోకి లాగుతూ కూర్చుంటే తర్వాతి డోసు వేళ అయిపోతుంది. ఒకరు విరుస్తుంటే ఇంకొకరు పెద్ద సిరంజిలోకి లాగాలి. సిరంజి సైజు చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ, చెక్‌లిస్టులో రాసి లేకపోతే ఆ రాత్రి అది దొరకదు.

కనీస నిల్వ అనే అంకె పుట్టాల్సింది ఇక్కడి నుంచే. రోగి వచ్చినప్పటి నుంచి పెద్దాసుపత్రిలో దించేదాకా ఒక్క మనిషికి ఎంత పడుతుంది అన్నదే కొలత. కాన్పుకి ముందు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు పది గ్రాములు, రెండు పిరుదుల్లో చెరి ఐదు గ్రాములు లోతుగా ఇస్తారు. యాభై శాతం మందున్న రెండు మిల్లీలీటర్ల ఆంపూల్‌లో ఒక గ్రాము ఉంటుంది. కాబట్టి పది ఆంపూల్స్, రెండు పది మిల్లీలీటర్ల సిరంజిలు, పొడుగు సూదులు కలిస్తేనే అది ఒక డోసు. ట్రేలో నాలుగు ఆంపూల్స్ ఉంటే టిక్కు పడుతుంది, డోసు మాత్రం పడదు. అందుకే మంచి చెక్‌లిస్టులో మందు పేరు పక్కన ‘ఉంది, లేదు’ అన్న గడి ఉండదు. ‘ఉండాల్సినవి’ అని అచ్చు వేసిన అంకె ఉంటుంది. దాని పక్కన ‘ఉన్నవి’ అని చేత్తో రాసే అంకె ఉంటుంది.

ఇక్కడే సంతకం సంగతి కూడా వస్తుంది. రోజూ సంతకం పెట్టమంటే పెడతారు. ఆదివారంది సోమవారం, సోమవారంది మంగళవారం, ఒక్కోసారి తనిఖీ ఉందని తెలిశాక వారం మొత్తం ఒకేసారి. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే సిరా. ఇందులో సిస్టర్ల బద్ధకం కన్నా రిజిస్టరు తయారుచేసిన తీరులో ఉన్న లోపమే పెద్దదంటాను. నలభై వస్తువుల పేర్లు రాసి రోజూ అన్నీ లెక్కపెట్టమంటే, ఓపీలో జనం, టీకాలు, కాన్పులు చూసుకునే మనిషికి అది అయ్యే పని కాదు. అయ్యే పని కానప్పుడు టిక్కులే మిగులుతాయి.

దీనికి రెండు విరుగుళ్లున్నాయి. మొదటిది సీలు. ట్రేలోని మందులన్నీ మూతపెట్టే పెట్టెలో సర్ది, నంబరున్న ప్లాస్టిక్ సీలు వేస్తారు. ఎన్నికల పెట్టెకు వేసే సీలు లాంటిదే, కాకపోతే కత్తెర అవసరం లేకుండా చేత్తో గుంజితే తెగాలి. సీలు వేసిన రోజున ఇద్దరు కలిసి అన్నీ లెక్కపెట్టి సంతకాలు పెడతారు. పెట్టె మూతమీద ఒక కార్డు అంటిస్తారు. లోపల ఉన్నవాటిలో అందరికన్నా ముందు గడువు తీరే మందు ఏది, ఎప్పుడు తీరుతుంది అన్నది దానిమీద ఉంటుంది. ఆ తర్వాత రోజువారీ పరీక్షలో చూడాల్సింది సీలు తెగలేదా, నంబరు నిన్నటిదేనా, కార్డు మీది తేదీ దాటిందా అన్న మూడే. సీలు తెగి ఉంటేనో, నెల మొదటి తేదీ వస్తేనో పెట్టె తీసి మొత్తం లెక్కపెడతారు. అరగంట పని రెండు నిమిషాల్లోకి వస్తే చేస్తారు. సీళ్లు దొరకని చోట మూత అంచున కాగితం పట్టీ అంటించి, పట్టీకీ పెట్టెకీ కలిసేలా సంతకం, తేదీ వేసినా పని జరుగుతుంది.

రెండోది, సీలు వెయ్యలేని సామాన్ల దగ్గర టిక్కు బదులు అంకె అడగడం. ఇందులో ఆక్సిజన్ సిలిండర్‌ది పెద్ద కథ.

పీహెచ్‌సీల్లో ఎక్కువగా కనిపించే బి-టైపు సిలిండర్‌లో పది లీటర్ల నీళ్లు పడతాయి. నిండుగా ఉన్నప్పుడు మీటరు ముల్లు 150 దగ్గర ఉంటుంది. పదిని నూట యాభైతో హెచ్చిస్తే 1500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి పది లీటర్ల చొప్పున పెడితే రెండున్నర గంటలు వస్తుంది. ముల్లు 40 మీద ఉంటే 400 లీటర్లు, అంటే నలభై నిమిషాలు. 108 రావడానికి అరగంట, రోగిని ఎక్కించడానికి పది నిమిషాలు పట్టే ఊళ్లో ఆ నలభై సరిగ్గా సున్నాకి చేరుస్తుంది. కాబట్టి అలాంటి చోట ‘ముల్లు 60కి దిగితే సిలిండర్ మార్చాలి’ అని ముందే రాసి పెట్టాలి. జిల్లా ఆసుపత్రి పక్కనే ఉన్న పీహెచ్‌సీకి ఈ అంకె తక్కువ, ఏజెన్సీ కొండల్లో ఉన్నదానికి ఎక్కువ. ఎక్కడో అచ్చువేసి పంపిన ఫారంలో ఈ గడి ఖాళీగా ఉండడమే మంచిది. అక్కడి డాక్టరు దూరం లెక్కేసుకుని నింపుకోవాలి.

ఈ ముల్లు మోసం కూడా చేస్తుంది. నిన్న సిలిండర్ కట్టేసేటప్పుడు పైన కీ బిగించి, ఫ్లోమీటరులో మిగిలిన గాలిని వదలకుండా దాని నాబ్ కూడా మూసేస్తే, గొట్టంలో చిక్కిన గాలి ముల్లును అక్కడే పట్టి ఉంచుతుంది. సిలిండర్ రాత్రికి రాత్రి కారిపోయినా పొద్దున ముల్లు నిన్నటి అంకే చూపుతుంది. అందుకని చూసే పద్ధతి ఇదీ: కీతో సిలిండర్ తెరవాలి, ముల్లు చూపే అంకె రాసుకోవాలి, ఫ్లోమీటరు తిప్పి లోపలి గుండు పైకి లేస్తుందో లేదో చూడాలి, మళ్లీ కీతో కట్టేసి ముల్లు సున్నాకి పడేదాకా గాలి వదలాలి, అప్పుడు ఫ్లోమీటరు మూయాలి. ఇంతా కలిపి ఒక నిమిషం పని. కీ సిలిండర్‌కే గొలుసుతో కట్టి ఉండాలి. నిండు సిలిండర్ ఎదురుగా ఉండి కీ కోసం వెతుక్కునే పరిస్థితి ఆసుపత్రుల్లో పనిచేసిన ఎవరికీ కొత్త కాదు. బిగుసుకుపోయిందని రెగ్యులేటరుకి నూనె గాని, గ్రీజు గాని రాయకూడదు. ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్‌కి నూనె తగిలితే అంటుకుంటుంది.

రోజూ అంకె రాస్తే ఇంకో లాభం ఉంది. నిన్న 110, ఇవాళ 90, మధ్యలో ఎవరికీ ఆక్సిజన్ పెట్టలేదు. అంటే ఎక్కడో కారుతోంది. చాలాసార్లు రెగ్యులేటరు కూర్చునే చోట ఉండే చిన్న వాషరు అరిగిపోయి ఉంటుంది. రెండు టిక్కులు పక్కపక్కన ఉంటే ఈ సంగతి ఎవరికీ కనబడదు. రెండు అంకెలు ఉంటే ఏడో తరగతి పిల్లాడికి కూడా కనబడుతుంది.

ఆంబు బ్యాగుకి అంకె లేదు, అయినా చేతికి తెలుస్తుంది. రోగి వైపు ఉండే నోటిని అరచేత్తో గట్టిగా మూసి బ్యాగు నొక్కాలి. చేతికి గట్టిగా ఎదురు తగలాలి. మెత్తగా అణిగిపోతే వాల్వు గాని, బ్యాగు గాని చిల్లిపడ్డట్టే. పసిపిల్లల బ్యాగుకు ఒత్తిడి మితిమీరకుండా ఒక రక్షణ వాల్వు ఉంటుంది, గట్టిగా నొక్కినప్పుడు అది తెరుచుకుని గాలి బుస్సుమనాలి. వదిలేశాక బ్యాగు వెంటనే ఉబ్బాలి. పక్కనే పుట్టిన బిడ్డకు పట్టే 0, 1 నంబరు మాస్కులు ఉన్నాయో లేదో చూడాలి. కడిగి ఆరబెట్టిన మాస్కు తిరిగి బ్యాగు దగ్గరికి రాకపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. సక్షన్ మిషన్ గొట్టం కొస బొటనవేలితో మూస్తే మీటరు పైకి లేవాలి, అక్కడా ఒక అంకె రాయొచ్చు.

ఇక మార్చడం. ఏది ఎప్పుడు మార్చాలన్నది ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ల ఆలోచనకు వదిలేస్తే మారదు. ప్రతి వస్తువు వరసలోనే ‘ఇలా ఉంటే మార్చాలి, ఫలానావారికి చెప్పాలి’ అని రాసి ఉండాలి. మందులకు సంబంధించి సందర్భాలు ప్రధానంగా మూడు: వాడినప్పుడు, గడువు దగ్గరపడినప్పుడు, మందు చెడినట్టు కనబడినప్పుడు.

వాడినప్పుడు అంటే వాడిన డ్యూటీలోనే నింపాలి. ఇక్కడ అడ్డం వచ్చేది ఫార్మసీ తాళం. ఫార్మసిస్టు సాయంత్రం వెళ్లిపోతారు, పాము కాటు గాని, ఉబ్బసం గాని రాత్రి వస్తుంది. రాత్రి పన్నెండుకు ఒక రోగికి మందులు వాడేస్తే తెల్లారేదాకా ట్రే సగం ఖాళీ. దీనికి తేలిక ఉపాయం ట్రేకు జోడుగా ఇంకొక సీలువేసిన కవరు ఉంచడం. ఎక్కువగా ఖర్చయ్యే ఐదారు మందులు, సిరంజిలు అందులో ఉంటాయి. రాత్రి కవరు తెరిచి ట్రే నింపుతారు, పొద్దున ఫార్మసిస్టు కవరు నింపుతారు.

గడువు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఆంపూల్ మీద 03/2026 అని ఉంటే ఆ మార్చి నెలాఖరు దాకా వాడొచ్చు. కానీ మార్చిలో మేల్కొంటే ఆలస్యమే, ఇండెంటు పెట్టి సెంట్రల్ డ్రగ్ స్టోరు నుంచి సరుకు వచ్చేసరికి రోజులు పడతాయి. అందుకని మూడు నెలల ముందే కార్డుమీద ఎర్రగీత పడాలి. ఎమర్జెన్సీ మందుకి ఉన్న విచిత్రం ఏమిటంటే, చిన్న ఆసుపత్రిలో అది చాలావరకు వాడకుండానే గడువు తీరుతుంది. పారేయడం ఇష్టంలేక ఉంచేస్తారు. మూడు నెలల గడువున్న అడ్రినలిన్‌ను పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి పంపితే అక్కడ అది వారాల్లో ఖర్చయిపోతుంది, బదులుగా కొత్తది తెచ్చుకోవచ్చు. మందు వృథా కాదు, ట్రే పాతబడదు. కొత్తవి వచ్చినప్పుడు పాతవాటి వెనక పెట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

చెడిపోవడం సీలు ఆపలేదు. రేకుల కప్పు కింద, పడమటి కిటికీ పక్కన పెట్టిన ట్రే మే నెలలో ఎంత వేడెక్కుతుందో మనకు తెలిసిందే. అడ్రినలిన్‌కి వెలుతురు, వేడి రెండూ పడవు. రంగు లేని మందు గులాబీ రంగుకి, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. గడువు ఉన్నా సరే, రంగు తిరిగితే పనికిరాదు. ఆంపూల్ గాజే ముదురు రంగులో ఉంటుంది కనుక పైకి తెలియదు. నెలవారీ పరీక్షలో తెల్ల కాగితం ముందు పెట్టి వెలుతురులో చూడాలి, లోపల ముక్కలు తేలుతున్నా తీసేయాలి. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ అసలు ట్రేలో ఉండకూడదు, ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. దాని బదులు ట్రేలో ‘ఆక్సిటోసిన్ ఫ్రిజ్‌లో, రెండో అర’ అని రాసిన అట్టముక్క ఉండాలి. కొత్తగా బదిలీ మీద వచ్చిన సిస్టరుకి ఆ అట్టముక్కే దారి చూపేది.

మార్చేటప్పుడు వచ్చే ఒక ప్రమాదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. టీకా వేసే రోజున ఏఎన్ఎం వెంట తీసుకెళ్లే చిన్న కిట్టులో అడ్రినలిన్ ఆంపూల్, ఒక మిల్లీలీటరు సిరంజిలు, అంగుళం పొడుగు సూదులు, వయసును బట్టి డోసు రాసిన చార్టు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ఒక మిల్లీలీటరు ట్యూబర్‌క్యులిన్ సిరంజి దొరక్కపోతే ఇన్సులిన్ సిరంజి పెట్టే అలవాటుంది. అందులో రెండు రకాలు. ఎర్రమూత ఉన్నది నలభై యూనిట్లది, నారింజ మూత ఉన్నది వంద యూనిట్లది. ముప్ఫై కిలోల పిల్లవాడికి అడ్రినలిన్ 0.3 మిల్లీలీటర్లు ఇవ్వాలి. ఎర్రమూత సిరంజిలో అది పన్నెండో గీత. నారింజ మూత సిరంజిలో అదే పన్నెండో గీతకు లాగితే 0.12 మిల్లీలీటర్లే వస్తుంది, సగం కూడా కాదు. పైగా ఇన్సులిన్ సిరంజికి అతికి ఉండే పొట్టి సూది తొడ కండలోకి దిగదు. ఒకటి తగ్గిందని దగ్గరున్న మరొకటి పెట్టి ‘సిరంజి ఉంది’ అని టిక్కు కొడితే జరిగేది ఇదే. చెక్‌లిస్టులో ‘సిరంజి’ అని రాస్తే చాలదు. ‘ఒక మిల్లీలీటరు, సూది విడిగా వచ్చేది’ అని రాయాలి, మార్చినప్పుడు కూడా అదే రావాలి.

ఫోన్ నంబర్లు కూడా గడువు తీరే సరుకే. డాక్టరు బదిలీ అయి ఏడాది దాటినా కిట్టులో ఆయన నంబరే ఉంటుంది. నెలకోసారి ప్రతి నంబరుకీ ఫోన్ చేసి చూడాలి. అది కూడా చెక్‌లిస్టులో ఒక వరసే.

ఇవన్నీ కలిసి ఎలా నడుస్తాయో ఒక వారం పేజీ ఊహించుకుంటే తెలుస్తుంది. సోమవారం పొద్దున: సీలు 0417, తెగలేదు. ఆక్సిజన్ 110. ఆంబు బ్యాగు సరే. ఇచ్చినవారి సంతకం, పుచ్చుకున్నవారి సంతకం. మంగళవారం కూడా అంతే. బుధవారం రాత్రి ఎనిమిదింటికి కందిరీగలు కుట్టిన పన్నెండేళ్ల పిల్లవాణ్ణి తీసుకొచ్చారు, ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాచాయి, ఊపిరి ఈల వేస్తోంది. సీలు తెంపి తొడ పక్కన అడ్రినలిన్ 0.3 మిల్లీలీటర్లు ఇచ్చారు. ఐదు నిమిషాలకు తగ్గలేదు, మళ్లీ ఇచ్చారు. ఆక్సిజన్ నిమిషానికి ఎనిమిది లీటర్లు, 108 ఎక్కించేదాకా ముప్ఫై ఐదు నిమిషాలు. అంటే 280 లీటర్లు, ముల్లు మీద ఇరవై ఎనిమిది గీతలు.

రాత్రి సిస్టరు రాసింది: ‘సీలు 0417 తెంపాను. అడ్రినలిన్ రెండు ఆంపూల్స్, సిరంజిలు రెండు. కవరులోంచి నింపాను. కొత్త సీలు 0418. ఆక్సిజన్ 82.’ పొద్దున ఫార్మసిస్టు వచ్చేసరికి కవరు సీలు తెగి ఉంది.

“ఏమ్మా, రాత్రి కేసొచ్చిందా?”

“అవును సార్. కవరులో అడ్రినలిన్ ఇంక రెండే ఉన్నాయి. నేను వెళ్లేలోగా వేసెయ్యండి.”

గురువారం లెక్క సరిపోయింది, నూట పదిలోంచి ఇరవై ఎనిమిది పోతే ఎనభై రెండు. శుక్రవారం పొద్దున ముల్లు 66. మధ్యలో కేసు లేదు. వాషరు మార్చారు, శనివారం మళ్లీ 66 దగ్గరే ఆగింది. మార్చాల్సిన అంకె 60 కనుక రెండో సిలిండర్ నిండుగా ఉందో లేదో చూసి, ఖాళీది నింపడానికి పంపే ఏర్పాటు ఆ రోజే చేశారు. ఆదివారం గడి ఖాళీ.

ఆ ఖాళీ గడిని ఏం చేయాలి? నా మటుకు నేను దాన్ని అలాగే ఉంచమంటాను. ఎర్ర పెన్నుతో అడ్డగీత గీసి, కింద కారణం రాయాలి: ఒక్కరే డ్యూటీ, కాన్పు కేసు. తనిఖీకి వచ్చిన అధికారి ఖాళీ గడికి మెమో ఇస్తే, మరుసటి నెల నుంచి ఒక్క గడి కూడా ఖాళీ ఉండదు, అవి నిజమూ కావు. తనిఖీ చేసేవారు చూడాల్సింది వేరే. క్యాజువాల్టీ రిజిస్టరులో ఆక్సిజన్ పెట్టినట్టు ఉన్న రోజున ఈ పేజీలో అంకె తగ్గిందా? అడ్రినలిన్ ఇచ్చినట్టు రాసిన రోజున సీలు నంబరు మారిందా? ముప్ఫై రోజులూ ఒకే 120 ఉంటే ఆ పేజీని నమ్మక్కర్లేదు. డాక్టరు వారానికోసారి పెట్టే సంతకం కూడా పేజీ అడుగున గీకేది కాకూడదు. ఏదో ఒక్క సామాను, ఆంబు బ్యాగో సక్షనో, తను చేత్తో పరీక్షించి ఏది పరీక్షించారో రాసి పెట్టాలి.

ఇరవై నాలుగు గంటలు పనిచేసే పీహెచ్‌సీలో సంతకం డ్యూటీ మారే వేళ పడాలి, ఇచ్చేవారిదీ పుచ్చుకునేవారిదీ రెండూ. పుచ్చుకునే మనిషి సంతకం పెడితే ఆ క్షణం నుంచి ట్రే తన పూచీ కనుక ఆమె తప్పకుండా చూస్తుంది. ఒక్క ఏఎన్ఎం, ఒక్క సీహెచ్‌ఓ ఉండే పల్లె దవాఖానాలోనో, విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో ఇద్దరి సంతకం రోజూ కుదరదు. అక్కడ సీలు, సిలిండర్ ఉంటే దాని అంకె, ఒక్క సంతకం చాలు. నెలవారీ లెక్క మాత్రం ఇద్దరూ కలిసే చేయాలి.

దీనికయ్యే ఖర్చు చిన్నది. మందులు ప్రభుత్వ సరఫరాలో వస్తాయి. బయట కొనాల్సినవి నంబరు సీళ్లు, వాషర్లు, కీకి గొలుసు, మూత ఉన్న రెండు ప్లాస్టిక్ పెట్టెలు. పీహెచ్‌సీకి ఆసుపత్రి అభివృద్ధి కమిటీ ఉంటుంది, ఊరి పెద్దలు అందులో సభ్యులుగా ఉంటారు, చిల్లర అవసరాలకు వాడుకునే నిధి దాని చేతిలో ఉంటుంది. మీ మండలంలో ఆ కమిటీ సమావేశం ఈసారి జరిగినప్పుడు ఈ నాలుగు వస్తువులకు తీర్మానం రాయించండి.